రోజుకు రోంత పని

డెంగీ తరువాత నేను మంచాన పడకుండా కుట్టిన మొదటి బ్లౌజుకు పదకొండు రోజులు పట్టింది. అంతకుముందు లైనింగ్ బ్లౌజు రెండు గంటల పని నాకు. కడపలో మా ఇంటి ముందు గదిలోనే పద్నాలుగేళ్ళుగా మిషన్ కుడుతున్నాను. దసరా, దీపావళి, పెండ్లిళ్ళ రోజుల్లో రోజుకు ఐదు కుట్టిన దాన్ని. ఆ పదకొండు రోజుల బ్లౌజు వెనక ఏం జరిగిందో రాస్తున్నాను. జ్వరం తగ్గి నెలలైనా లేవలేక, "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి కదా" అనిపించుకుంటున్న వాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు.

సెప్టెంబరు ఆఖరి వారంలో జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు నలభై రెండు వేలకు పడి, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు, మళ్ళీ పెరిగాయి. ఇంటికొచ్చాక పది రోజుల్లో లేచి తిరుగుతాను అనుకున్నాను. దసరాకు ఇవ్వాల్సిన బ్లౌజులు తొమ్మిది బీరువాలో ఉన్నాయి. అందుకే ఒళ్ళు కొంచెం తేలిక అనిపించిన రోజే కూర్చుని రెండు కుట్టేశాను. ఆ రాత్రి బాగానే నిద్రపోయాను. మరుసటి రోజు కూడా ఏమీ కాలేదు. ఆ పై రోజు పొద్దున మంచం మీద నుంచి కాళ్ళు కింద పెట్టలేకపోయాను. గొంతు నొప్పి, ఒళ్ళంతా బండరాయి కట్టినట్టు బరువు, వెలుతురు చూస్తే కళ్ళు మంటలు. మళ్ళీ జ్వరం వచ్చిందేమోనని థర్మామీటర్ పెట్టి చూస్తే మామూలుగానే ఉంది. మూడు రోజులు పడుకున్నాను. తేలిక పడింది, మళ్ళీ మిషన్ మీద కూర్చున్నాను, మళ్ళీ పడ్డాను. అక్టోబరంతా ఇదే తంతు. మొదట చూపించుకున్న చోట "రోజూ అరగంట నడవండి, బలం అదే వస్తుంది" అన్నారు. నడిచాను. మూడో రోజుకు ఇంకా కిందికి దిగాను.

మా అత్తమ్మ బాధ చూడలేక, "ఏమ్మా, పడుకుంటే ఒళ్ళు ఇంకా మొద్దుబారతాది, లేచి రెండు రొట్టెలు కొట్టు" అనేది. ఆమె తప్పు కాదు. పంట కోతల్లో బతికిన మనిషి, జ్వరం దిగిన మరునాడే పొలానికి పోయిన మనిషి. జొన్నరొట్టె కొట్టడమంటే నిలబడి రెండు చేతులతో బలంగా తట్టడం. ఒక్క రొట్టె కొట్టేసరికి నా చేతులు వణికేవి.

దీపావళి తరువాత ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె ముందు రక్త పరీక్షలు రాసింది: హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12, లివర్, కిడ్నీ. నాకు హిమోగ్లోబిన్ పది దగ్గర ఉంది. దానికి ఐరన్ మాత్రలు మొదలుపెట్టింది. మిగతావన్నీ సరిగానే ఉన్నాయి. "రక్తం కొంచెం తక్కువే కానీ, మీరు చెప్పే అలసట అంతా దీనితో రాదు" అని, అదే ఆసుపత్రిలో ఉన్న ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపింది. ఈ పరీక్షల సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. థైరాయిడో, షుగరో ఉన్న మనిషి నేను చేసినట్టు విశ్రాంతి లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే అసలు జబ్బు అట్లనే ఉండిపోతుంది. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం, జ్వరం తిరిగి రావడం లాంటివి ఉంటే ఈ లెక్కలు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఫిజియో అమ్మాయి వయసు ముప్పై లోపే. నా మాటలన్నీ విని ఒకే ప్రశ్న అడిగింది.

"అక్కా, పని చేసేటప్పుడు ఎప్పుడు ఆపుతావు?"

"అలసట వచ్చినప్పుడు."

"నీకు అలసట ఆ పూటే రావడం లేదు కదా అక్కా. రెండో రోజో మూడో రోజో వస్తాంది. అంటే ఒళ్ళు చెప్పే లోపలే నువ్వు దాటిపోయి ఉంటావు. అలసట చూసి ఆపితే ఎప్పుడూ ఆలస్యమే."

నాకు తల మీద నీళ్ళు పోసినట్టయింది. నెల రోజులుగా ఏం జరుగుతోందో ఆ ఒక్క మాటతో అర్థమయింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. జబ్బు తరువాత ఊరికే బలహీనపడిన వాళ్ళకు రోజూ కొంచెం కొంచెం నడక పెంచితే మేలు చేస్తుంది. కానీ పని చేసిన ఒకటి రెండు రోజులకు కుప్పకూలే వాళ్ళకు అట్లా లెక్క ప్రకారం పెంచుకుంటూ పోతే చెడు జరగవచ్చట. ఏళ్ళ తరబడి ఇట్లాంటి అలసటతో ఉండే రోగుల కోసం ఇంగ్లండులో 2021లో రాసిన మార్గదర్శకాల్లో కూడా, వారానికింత అని ముందే గీత గీసి వ్యాయామం పెంచే పద్ధతి వద్దన్నారని చెప్పింది. "నీది ఆ పెద్ద జబ్బని నేను అనడం లేదు. నీ ఒళ్ళు ఇప్పుడు అట్లా నడుస్తాంది కాబట్టి అదే జాగ్రత్త నీకూ పనికొస్తుంది" అంది.

తరువాత నన్ను పది నిమిషాలు పడుకోబెట్టి నాడి చూసింది. డెబ్బై ఆరు. లేచి నిలబడమని, గోడకు ఆనుకోకుండా ఐదు నిమిషాలు ఉంచి మళ్ళీ చూసింది. తొంభై ఎనిమిది. బీపీ పడిపోలేదు. ముప్పైకి పైన పెరిగితే డాక్టరమ్మకు మళ్ళీ చూపించాలని, నాది ఇరవై రెండే కాబట్టి కంగారు పడొద్దని చెప్పింది. "కానీ అక్కా, నువ్వు ఊరికే నిలబడినా నీ గుండెకు అది పనే." నేను అంతవరకు నిలబడటాన్ని పనిగా లెక్క పెట్టలేదు. కటింగ్ బల్ల దగ్గర నిలబడతాను, పొయ్యి దగ్గర నిలబడతాను, వాకిట్లో ఎవరైనా పలకరిస్తే నిలబడతాను. రోజంతా కుట్టే పని చేయకపోయినా ఎందుకు అలిసిపోతున్నానో అప్పుడు తెలిసింది.

మొదటి మూడు రోజులు ఏమీ మార్చొద్దంది. మామూలుగా చేసేది చేస్తూ, ఎంతసేపు నిలబడితే కాళ్ళు బరువెక్కుతున్నాయో, ఎంతసేపు కుడితే భుజాలు పీకుతున్నాయో, ఎంతసేపు మాట్లాడితే తల మొద్దుబారుతోందో మా పాప పాత నోటు పుస్తకంలో రాసుకోమంది. మూడు రోజుల్లోకీ అధ్వాన్నమైన రోజున నిలబడగలిగింది ఏడు నిమిషాలు. మిషన్ మీద పదిహేను. మాటలు ఇరవై. "ఈ మూడింటిలో సగమో, సగం కంటే రోంత ఎక్కువో పెట్టుకో" అంది. అట్లా నా హద్దులు వచ్చాయి. ఒక్కసారికి నిలబడేది నాలుగు నిమిషాలు. మిషన్ ఎనిమిది నిమిషాలు, అది కూడా రోజుకు రెండుసార్లే. ఫోనైనా మనిషితోనైనా ఒక్కసారికి పది నిమిషాలు.

నాకు ఏడుపొచ్చింది. ఎనిమిది నిమిషాల్లో ఒక చెయ్యి కూడా అతకదు. మంచి రోజున ఇంకొంచెం చేయవచ్చా అని అడిగాను. ఆ అమ్మాయి చాలా గట్టిగా చెప్పింది. "హద్దు పెట్టిందే మంచి రోజు కోసం అక్కా. చెడ్డ రోజు నువ్వు ఎట్లాగూ పడుకునే ఉంటావు. ఆ రోజుకు హద్దుతో పనేముంది?"

ఫోన్‌లో టైమర్ పెట్టుకున్నాను. మోగగానే ఆపాలి. కుట్టు మధ్యలో ఉంటే సూది కిందికి దించి, బట్ట అట్లనే వదిలేసి లేవాలి. ఇది రాయడం సులువు. అలవాటయిన చేతికి ఇంకో అంగుళం లాగి ముగించాలని ఉంటుంది. ఆ అంగుళం తరువాత ఇంకో అంగుళం. మొదటి వారం మా పాప నా పక్కన చదువుకుంటూ, టైమర్ మోగితే మోటారు స్విచ్ తానే తీసేసేది.

విశ్రాంతి అంటే ఏమిటో కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఫోన్ చూస్తూ పడుకోవడం విశ్రాంతి కాదు. టీవీ కూడా కాదు. కళ్ళు మూసుకుని, కర్టెన్ వేసుకుని, పదిహేను నిమిషాలు గమ్మున పడుకోవాలి. అలిసిపోయాక పడుకోవడం కాదు, అలవకముందే. పొద్దున తొమ్మిదికి, పదకొండున్నరకు, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఐదుకు. బాగున్నా పడుకోవాల్సిందే. మా అత్తమ్మకు ఇది అస్సలు రుచించలేదు. ఒక రోజు మా ఆయన ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మా, విరిగిన కాలికి కట్టు కడితే నడవమంటామా? ఈమెకు కట్టు కనపడదు, అంతే" అన్నాడు. ఆ తరువాత ఆమె నన్ను ఏమీ అనలేదు. తొమ్మిదికి తానే వచ్చి కర్టెన్ వేసి పోయేది.

ఇంటి పనుల్లో నాకు ఎక్కువ ఖర్చయ్యేది వంట కాదు, స్నానం. వేడి నీళ్ళు, నిలబడటం, చేతులు తల పైకి ఎత్తడం మూడూ కలుస్తాయి. తలస్నానం చేసిన రోజు ఇంకో పని పెట్టుకుంటే మూడో రోజుకు పడేదాన్ని. బాత్రూంలో ప్లాస్టిక్ స్టూల్ వేసుకున్నాను. నీళ్ళు గోరువెచ్చగానే. తలస్నానం వారానికి ఒక్కసారి, సాయంత్రం పూట, ఆ రోజు మిషన్ లేదు. తల పాప తుడిచేది. ఈ ఒక్క మార్పుతో వారంలో రెండు రోజులు నాకు మిగిలాయి. వంటింట్లో కూరగాయలు కుర్చీలో కూర్చుని తరిగేదాన్ని. సంగటి కెలకడం మా ఆయన పనయింది. మొదట్లో ఉండలు కట్టేది. నెల తిరిగేసరికి నా కంటే మెత్తగా చేయడం నేర్చుకున్నాడు.

ఇక ఆ బ్లౌజు. మా పక్కింటి వదినది, ఆకుపచ్చ పట్టు బ్లౌజు. తొందర లేదు, ఎప్పుడైనా ఇవ్వు అంది. మొదటి రోజు లైనింగ్ బట్ట తడిపి ఆరేయడం, ఆమె పాత బ్లౌజు చూసి కొలతలు రాసుకోవడం. రెండో రోజు లైనింగ్ మీద చాక్‌తో గీతలు. కటింగ్ బల్ల దగ్గర నిలబడకుండా కుర్చీలో కూర్చుని ఒళ్ళో పలక పెట్టుకుని గీశాను. మూడో రోజు లైనింగ్ కత్తిరించడం, నాలుగో రోజు దాన్ని పెట్టి పట్టు బట్ట కత్తిరించడం. ఐదో రోజు రెండూ కలిపి కుట్టడం. ఆరు, డాట్లు. ఏడు, భుజాలు. ఎనిమిదో రోజు మెడకు పైపింగు. అది చూపుకు, మనసుకు కూడా పని. అందుకని ఆ రోజు ఫోన్ కూడా ఎత్తలేదు. తొమ్మిది, చేతులు. పది, సైడ్లు, నడుం పట్టీ. పదకొండు, హుక్కులు. ఒక్కో రోజు పని ఎనిమిది నిమిషాల్లో ఆగేది, కొంత మిగిలితే మధ్యాహ్నం ఇంకో ఎనిమిది. పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా పడలేదు. సెప్టెంబరు తరువాత నేను మంచాన పడకుండా గడిపిన మొదటి పదకొండు రోజులు అవి.

నోటు పుస్తకంలో రాసేది చాలా తక్కువ. పొద్దున మంచం మీద కళ్ళు తెరవగానే, లేవకముందే, పదికి ఎన్ని మార్కులు అని ఒక అంకె. రాత్రి ఆ రోజు చేసిన పనులు రెండు లైన్లు. పడిన రోజున వెనక్కి రెండు పేజీలు తిప్పి చూడాలి, నిన్నటిది కాదు, మొన్నటిది. అట్లా చూస్తేనే తలస్నానం సంగతి బయటపడింది. పొద్దున మార్కు మామూలు కంటే రెండు తగ్గితే ఆ రోజు హద్దులన్నీ సగం.

నా ఒళ్ళు ముందుగా ఇచ్చే సైగ ఒకటి కూడా ఈ పుస్తకంతోనే పట్టుకున్నాను. సూదిలో దారం ఎక్కించడం. మామూలుగా ఒకే పోటుకు ఎక్కుతుంది. మూడో ప్రయత్నానికీ ఎక్కలేదంటే, టైమర్‌లో నిమిషాలు మిగిలి ఉన్నా సరే ఆ రోజుకు అయిపోయినట్టే. టేపు మీద ఒకే అంకెను రెండుసార్లు చదవాల్సి రావడం కూడా అంతే. ఇంకొకరికి ఇది వేరేగా ఉంటుంది. మా ఫిజియో చూసే ఒకాయనకు మాట తడబడుతుందట.

డిసెంబరులో ఒకసారి పెద్దగా పడ్డాను. ఆ రోజు మిషన్ ముట్టలేదు, నిలబడలేదు. ముగ్గురు కస్టమర్లు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. ఇరవై నిమిషాలు ఒకరు, అరగంట ఒకరు. జబ్బు గురించి అడిగారు, పెండ్లి చీరలు చూపించారు, మెడ డిజైన్లు ఫోన్‌లో తిప్పి తిప్పి చూపించారు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను కదా అని టైమర్ పెట్టలేదు. మనుషులతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో, మనసుకు చాలా హాయిగా అనిపించింది. మరుసటి రోజు ఏమీ కాలేదు. తప్పించుకున్నాననే అనుకున్నాను. మూడో రోజు తల ఎత్తలేకపోయాను. నాలుగు రోజులు పోయాయి. కూర్చుని చేసే పనీ, తలతో చేసే పనీ, సంతోషంగా చేసే పనీ ఒకే సంచిలోంచి ఖర్చవుతాయని అప్పుడు ఒంటికి తెలిసింది. ఆ తరువాత కస్టమర్లకు పొద్దున పదిన్నర నుంచి పది నలభై దాకానే సమయం. బట్ట మా ఆయన తీసుకుంటాడు, కొలతలు సెలవు రోజుల్లో పాప రాస్తుంది. కొందరు నొచ్చుకున్నారు. ఇద్దరు వేరే టైలర్ దగ్గరికి పోయారు. పోనీలే అనుకోలేదు, బాధ పడ్డాను. మాకు ఆ డబ్బు అవసరం. కానీ నాలుగు రోజులు పడుకుంటే పోయేది అంతకంటే ఎక్కువ.

హద్దు పెంచే పద్ధతి ఇది. పది రోజులు వరసగా పొద్దున మార్కు పడకుండా ఉంటే, ఏదో ఒక్క దాన్ని ఒకటి రెండు నిమిషాలు పెంచడం. నిలబడటం పెంచితే మిషన్ పెంచకూడదు, మిషన్ పెంచితే మాటలు పెంచకూడదు. రెండూ ఒకేసారి పెంచి పడితే ఏది పడేసిందో తెలియదు. పెంచాక మూడు రోజులు ఆగి చూడాలి. పడితే పాత అంకెకు వెనక్కి. నేను మూడుసార్లు వెనక్కి వచ్చాను, రెండుసార్లు నెలసరి రోజుల్లో. ఆ ఐదు రోజులు ఇప్పుడు ముందే తగ్గించి రాసుకుంటాను.

సంక్రాంతికి మిషన్ పన్నెండు నిమిషాలకు, నిలబడటం ఆరు నిమిషాలకు వచ్చింది. భోగి రోజు వాకిట్లో ముగ్గు నేనే వేయాలని ఉండింది. ఏడేళ్ళ పిల్లప్పటి నుంచి ఏ ఏడాదీ వదల్లేదు. చిన్న పీట మీద కూర్చుని ఐదు చుక్కల ముగ్గు ఒకటి వేశాను. రంగులు అత్తమ్మ నింపింది. నేను లోపలికొచ్చి కర్టెన్ వేసుకుని పడుకున్నాను. కనుమ నాడు పొద్దున మార్కు ఆరు. పడలేదు.

ఇప్పుడు ఉగాది దగ్గరికొచ్చింది. ఎండలు మొదలయ్యాయి, కడప ఎండ సంగతి తెలిసిందే. వేడికి నాడి ఇంకా పెరుగుతుంది కాబట్టి మిషన్ పని పొద్దున ఎనిమిది లోపలికి మార్చుకున్నాను. ఒక్కసారికి ఇరవై నిమిషాలు, రోజుకు మూడుసార్లు. బ్లౌజు నాలుగు రోజుల్లో అవుతోంది. హిమోగ్లోబిన్ పన్నెండుకు వచ్చింది. రోజుకు ఐదు బ్లౌజులు మళ్ళీ ఎప్పుడు కుడతానని ఫిజియో అమ్మాయిని అడిగితే తేదీ చెప్పలేదు, పుస్తకం చూపించమంది.

ఈ పొద్దున వదిన రెండో బ్లౌజుకు హుక్కులు కుడుతున్నాను. నాలుగు కుట్టాను. ఐదో దానికి దారం ఎక్కిస్తుంటే ఒకసారి తప్పింది, రెండోసారి తప్పింది, మూడోసారి కూడా తప్పింది. టైమర్‌లో ఇంకా ఏడు నిమిషాలు ఉన్నాయి. సూదిని దిండుకు గుచ్చి లేచాను. మిగిలిన రెండు హుక్కులు రేపు కుడతాను.